ఇంటర్వ్యూ అయ్యాక కంపెనీ మీద రివ్యూ రాయడం: ఐటీ అభ్యర్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో నాలుగైదేళ్ళ అనుభవమున్నవాళ్ళు కంపెనీ మారేటప్పుడు ఎదురయ్యే ఇంటర్వ్యూల గురించి ఈ పేజీ. రిక్రూటర్ మొదటి ఫోన్ నుంచి చివరి జవాబు దాకా కంపెనీ తీరును ఎలా గమనించాలి, దాన్ని గ్లాస్‌డోర్, యాంబిషన్‌బాక్స్ లాంటి చోట్ల ఎలా రాస్తే తర్వాత వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది అన్నదే ఇక్కడి విషయం. ఫ్రెషర్ల క్యాంపస్ డ్రైవ్‌ల లెక్క వేరు, వాటి జోలికి పోలేదు.

నన్ను తీసుకోలేదు. ఇప్పుడు రివ్యూ రాస్తే అక్కసుతో రాసినట్టు ఉండదా?

అక్కసుతో రాస్తే అలాగే ఉంటుంది. రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "ఆఫర్ వచ్చి ఉంటే కూడా ఇది రాసేవాణ్ణా?" అని అడిగి చూసుకోండి. "రెండో టెక్నికల్ రౌండ్ వాయిదా వేశారు, ఆ సంగతి ముందు రోజు రాత్రి చెప్పారు" అన్నది ఆఫర్ వచ్చినా నిజమే. "ప్యానెల్‌లో కూర్చున్నాయనకి ఏమీ రాదు" అన్నది ఆఫర్ చేతికొస్తే గుర్తు కూడా ఉండదు. మొదటిది ఉంచండి, రెండోది కొట్టేయండి.

ఇంకో సంగతి. ఆఫర్ వచ్చినవాళ్ళు జాయినింగ్ హడావిడిలో పడి రాయరు, ఒళ్ళు మండినవాళ్ళే ఎక్కువగా రాస్తారు. కాబట్టి ఎంపికైనా ఫలానా లోపం ఉందని రాసినవాళ్ళ మాటని, ఎంపిక కాకపోయినా ఫలానాది బాగుందని రాసినవాళ్ళ మాటని చదివేవాళ్ళు తొందరగా నమ్ముతారు.

ఇంటర్వ్యూలు నడుస్తున్నప్పుడు ఏవేవి రాసిపెట్టుకోవాలి?

తేదీ, ఎవరు సంప్రదించారు, ఏం జరుగుతుందని చెప్పారు, నిజంగా ఏం జరిగింది. ఈ నాలుగూ చాలు. ఫోన్‌లో ఒక చిన్న నోట్ పెట్టుకుని, మాట్లాడిన రోజే ఒక్కో వరుస రాసుకోండి. నెల తర్వాత జ్ఞాపకం మీద రాస్తే వారం ఆలస్యం మూడు వారాలంత కనిపిస్తుంది.

ఫోన్‌లో రిక్రూటర్ చెప్పిన మాటలకి ఆధారం ఉండదు. అందుకే కాల్ అయ్యాక, "మూడు రౌండ్లు ఉంటాయని, మొదటిది గురువారం అని అన్నారు, సరిగ్గానే విన్నానా?" అని రెండు ముక్కల మెయిల్ పెట్టండి. మంచి రిక్రూటరైతే సంతోషిస్తారు. జవాబు రాకపోయినా తేదీతో సహా మీ దగ్గర ఒక రికార్డు ఉంటుంది.

ఒక కేసు తీసుకుని చూపించగలరా?

ఒక నమూనా కేసు అనుకుందాం. జావా బ్యాక్‌ఎండ్ మీద నాలుగేళ్ళు పనిచేసిన అమ్మాయి, రాయదుర్గం వైపు ఉన్న ఒక ప్రోడక్ట్ కంపెనీకి రెఫరల్ మీద వెళ్ళింది. ఆమె నోట్ ఇలా ఉంది:

జనవరి 12: రిక్రూటర్ ఫోన్. ఇప్పటి ప్యాకేజీ, ఆశించే ప్యాకేజీ, నోటీస్ పీరియడ్ అడిగారు. బడ్జెట్ ఎంతని అడిగితే "చివర్లో మాట్లాడదాం" అన్నారు. మూడు రౌండ్లన్నారు.
జనవరి 16: ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్.
జనవరి 19: మొదటి టెక్నికల్ రౌండ్ అన్నారు. నా ఆఫీసులో రిలీజ్ ఉండి 22కి మార్పించుకున్నాను.
జనవరి 29: రెండో రౌండ్ ఉండాలి. ముందు రోజు రాత్రి వాయిదా వేశారు. ఫిబ్రవరి 4న జరిగింది.
ఫిబ్రవరి 6: మేనేజర్ రౌండ్.
ఫిబ్రవరి 10: "ఫీడ్‌బ్యాక్ పాజిటివ్, ఇంకో రౌండ్ ఉంది" అని ఫోన్.
ఫిబ్రవరి 17: డైరెక్టర్‌తో ఆ అదనపు రౌండ్.
ఫిబ్రవరి 20: మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16 అడిగారు. పంపాను.
ఫిబ్రవరి 27: ఏమైందని మెయిల్ పెట్టాను.
మార్చి 3: "అప్రూవల్‌లో ఉంది" అని ఒక్క వాక్యం.
మార్చి 24: పోర్టల్ తెరిచి చూస్తే `No longer under consideration`. మెయిల్ లేదు, ఫోన్ లేదు.

ఇందులో ఆలస్యాన్ని ఎలా లెక్కగట్టాలి?

మొత్తం 71 రోజులు. "రెండున్నర నెలలు తిప్పారు" అని రాస్తే అబద్ధమేమీ కాదు, కానీ చదివేవాడికి ఏమీ తెలియదు. దాన్ని విడదీయాలి.

మొదటి ఫోన్ నుంచి చివరి రౌండ్ దాకా 36 రోజులు పట్టింది. అందులో ఓ మూడు రోజులు ఆమే అడిగి మార్పించుకున్నది, అది కంపెనీ ఖాతాలో వేయకూడదు. రెండో రౌండ్ వాయిదా వల్ల పోయిన ఆరు రోజులు కంపెనీవి. మిగతాది ఒక టెస్టు, నాలుగు రౌండ్లు ఉన్న ప్రక్రియకి మరీ ఎక్కువ కాదు. ప్యానెల్‌లో కూర్చునేవాళ్ళు కూడా తమ సొంత పని మధ్యలో వచ్చి ఇంటర్వ్యూ చేసేవాళ్ళే కదా.

అసలు సంగతి మిగతా సగంలో ఉంది. చివరి రౌండ్ అయ్యాక ఫలితం కనిపించడానికి 35 రోజులు పట్టింది. అడగాల్సిన ప్రశ్నలన్నీ అయిపోయాయి, 20న కాగితాలు పంపాక అభ్యర్థి చేయాల్సిందేమీ మిగల్లేదు, అయినా ఇంటర్వ్యూలన్నిటికీ పట్టినంత కాలం ఉత్త ఎదురుచూపులోనే పోయింది. ఈ రివ్యూలో రాయాల్సిన ఒకే ఒక్క అంకె అదే. దాని పక్కన, ఆ 35 రోజుల్లో కంపెనీ తనంతట తాను ఏ తేదీ చెప్పలేదని, అడిగితే ఒక్కసారి జవాబిచ్చిందని చేరిస్తే సరిపోతుంది.

నాకైతే ఆలస్యం కన్నా తేదీ చెప్పకపోవడమే పెద్ద లోపం. "మార్చి నెలాఖరు దాకా తేలదు" అని ఫిబ్రవరి 20నే చెప్పి ఉంటే, ఆమె చేతిలో ఉన్న ఇంకో ఆఫర్ విషయం తేల్చుకునేది. మన దగ్గర చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. అక్కడ ఆఫర్ లెటర్ లేకుండా ఇక్కడ రాజీనామా పెట్టలేరు, రాజీనామా పెట్టకపోతే చేరే తేదీ ఇంకా వెనక్కి పోతుంది. తొందరగా చేరేవాళ్ళే కావాలనే కంపెనీలే జవాబు నాన్చడం వల్ల అభ్యర్థి రెండు వైపులా నలుగుతాడు.

పే స్లిప్పులు అడిగారంటే సెలెక్ట్ అయినట్టే కదా?

కాదు. చాలామంది ఇక్కడే మోసపోతారు, కంపెనీ మోసం చేయకపోయినా సరే. ప్యాకేజీ ఎంత ఇవ్వాలో లెక్కవేసి అనుమతికి పంపడానికి ఆ కాగితాలు కావాలి. ఆ లెక్క పైకి వెళ్ళాక ఖర్చు ఎక్కువని ఆపవచ్చు, ఆ ఖాళీనే తీసేయవచ్చు, అదే ఉద్యోగానికి తక్కువ అడిగిన ఇంకొకరి కాగితాలు కూడా పక్కనే ఉండవచ్చు. "ఆఫర్ రోల్ అవుట్ చేస్తున్నాం" అన్న ఫోన్ మాటకి కూడా అంతే విలువ. పేరు, హోదా, జీతం వివరాలు, చేరే తేదీతో ఆఫర్ లెటర్ మెయిల్‌లో వచ్చేదాకా ఏదీ తేలినట్టు కాదు.

రివ్యూలో మాత్రం దీన్ని కచ్చితంగా రాయండి: "డైరెక్టర్ రౌండ్ తర్వాత జీతం కాగితాలు అడిగారు, ఆ తర్వాత ఫలితం చెప్పలేదు." తర్వాత అదే కంపెనీ మీద ఆశ పెట్టుకునేవాళ్ళు ఈ ఒక్క వాక్యం చదివి రాజీనామా ఆపుకుంటారు.

ఇక, కాగితాలతో పాటు డిపాజిట్ అనో, వెరిఫికేషన్ ఫీజు అనో, లాప్‌టాప్ అనో డబ్బు అడిగితే అది ఇంటర్వ్యూ కాదు, మోసం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కంపెనీ ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఏమైనట్టు?

సాధారణంగా మూడింటిలో ఒకటి. మిమ్మల్ని వద్దనుకున్నారు, చెప్పలేదు. లేదా మీకన్నా ముందు వరుసలో ఒకరున్నారు, వాళ్ళు ఒప్పుకుని చేరేదాకా మిమ్మల్ని వదులుకోరు. లేదా ఆ ఖాళీనే హోల్డ్‌లో పడింది.

బయట నుంచి కొంతవరకు పోల్చుకోవచ్చు. ఖాళీ హోల్డ్‌లో పడితే కెరీర్ పేజీలో ఆ ఉద్యోగమే కనిపించకుండా పోతుంది, రెఫర్ చేసినవాళ్ళకి లోపల సిస్టంలో కూడా అలాగే చూపిస్తుంది. వరుసలో రెండోవారైతే రిక్రూటర్ మీ ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, "ఈ వారం తెలుస్తుంది" అని మూడు వారాలు అంటారు. ఆసక్తి ఉందా అని మధ్యలో తామే అడుగుతారు కూడా. వద్దనుకున్నప్పుడు ఫోన్ ఎత్తడం ఆగిపోతుంది, ఉద్యోగం ప్రకటన మాత్రం అలాగే ఉంటుంది లేదా కొత్త తేదీతో మళ్ళీ వస్తుంది.

ఇదంతా మీ ఊహ. రివ్యూలో ఊహని వాస్తవంలా రాయకూడదు. "నన్ను బ్యాకప్‌గా వాడుకున్నారు" అని రాసే బదులు "మూడు వారాలు 'ఈ వారం' అన్నారు, చివరికి పోర్టల్లో మాత్రమే తెలిసింది" అని రాస్తే చదివేవాళ్ళు తామే అర్థం చేసుకుంటారు.

ఎన్నిసార్లు గుర్తుచేయాలి? ఏమని రాయాలి?

చెప్పిన గడువు దాటిన రెండు పనిదినాలకి ఒకటి, మరో వారానికి ఇంకొకటి. గడువే చెప్పకపోతే చివరి రౌండ్ అయిన వారానికి మొదటిది. అంతకు మించి రాసినా ప్రయోజనం ఉండదు. రెండోది ఇలా ఉంటే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ:

"నమస్తే అండీ, 17న డైరెక్టర్ గారితో రౌండ్ అయింది, 20న కాగితాలు పంపాను. నా దగ్గరున్న మరో ఆఫర్‌కి మార్చి 6లోపు జవాబివ్వాలి. ఆలోపు నిర్ణయం వస్తుందో రాదో చెప్తే చాలు. 'రాదు' అన్నా నాకు ఉపయోగమే."

రిక్రూటర్‌కి "లేదు" అని రాయడమే కష్టం. నిర్ణయం వాళ్ళ చేతిలో ఉండదు, రేపు ఇంకో ఖాళీకి మీరే కావాల్సి రావచ్చు. ఆ మాట సులువుగా అనే దారి మీరే చూపిస్తే తొందరగా అంటారు. ఒకటే జాగ్రత్త: లేని ఆఫర్ ఉందని రాయకండి. మన రిక్రూటర్లందరికీ ఒకరికొకరు తెలుసు.

న్యాయంగా జరిగిందో లేదో నేనెలా చెప్పగలను? మిగతా అభ్యర్థుల్ని నేను చూడలేదు కదా.

నిజమే, పోల్చి చెప్పలేరు. "తెలిసినవాళ్ళకే ఇచ్చారు" అన్న మాట అందుకే రివ్యూలో నిలబడదు. అయితే మీ కుర్చీలోంచి కనిపించేవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, ప్రకటనలో రాసిన పనికీ అడిగిన ప్రశ్నలకీ పొంతన ఉందా. జావా, స్ప్రింగ్ బూట్, కాఫ్కా అని ప్రకటించి, గంటసేపు రియాక్ట్ అడిగి, అందులో బలహీనం అంటే అది రాయాల్సిందే. రెండు, ముందు చెప్పిన రౌండ్లెన్ని, జరిగినవెన్ని. పై కేసులో మూడన్నారు, నాలుగయ్యాయి. నాలుగోది ఎందుకో చెప్పి ఉంటే తప్పు లేదు. రెండో రౌండ్‌కీ మేనేజర్‌కీ అభిప్రాయం కుదరక మూడో మనిషిని పెట్టడం మామూలే, మంచిదే కూడా. కారణం చెప్పకపోవడమే లోపం.

మూడోది జీతం. ఇది అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మొదటి ఫోన్లోనే మీ ప్యాకేజీ మొత్తం చెప్పించుకుని, తమ బడ్జెట్ మాత్రం చివరిదాకా దాచిపెట్టే కంపెనీ, ఆ బడ్జెట్ కుదరనివాళ్ళ చేత కూడా నాలుగు రౌండ్లు చేయిస్తుంది. రిజెక్ట్ చేసినా, చేయకపోయినా "అడిగాను, చెప్పలేదు" అని రాయండి.

ప్యానెల్ ఆలస్యంగా రావడం, కెమెరా ఆపేసి మాట్లాడటం, రెజ్యూమె అప్పుడే తెరవడం లాంటివి ఒక్కసారి జరిగితే వదిలేయండి. ప్రతి రౌండ్లో జరిగితే అది వాళ్ళ పద్ధతి.

"పెళ్ళెప్పుడు, పిల్లల ప్లాన్ ఏంటి" అని అడిగారు. ఇది రాయవచ్చా?

తప్పకుండా రాయండి, అడిగిన మాటలు అడిగినట్టే. ఒకే పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు స్త్రీ, పురుష భేదం చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, ఆ నియమం తర్వాత 2019 వేతనాల కోడ్‌లోకి వచ్చింది. ప్రశ్న అడిగినంత మాత్రాన వివక్ష రుజువైపోదు. కాబట్టి "వివక్ష చూపారు" అని తీర్పు చెప్పకుండా, ఏ రౌండ్లో ఏమడిగారో రాసి ఊరుకోండి. అడిగినవాళ్ళ పేరు వద్దు.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్ళాను. తప్పెవరిది?

చాలాసార్లు కంపెనీ రెండు రోజుల్లోనే "వద్దు" అని చెప్తుంది, ఆ మాట కన్సల్టెన్సీ దగ్గరే ఆగిపోతుంది. కంపెనీ రిక్రూటర్ మెయిల్ ఐడీ ఇంటర్వ్యూ ఇన్విటేషన్‌లో ఉంటుంది, ఒక్కసారి నేరుగా అడిగి చూడండి. అడిగే వీలు లేకపోతే "కన్సల్టెన్సీ ద్వారా వెళ్ళాను, ఫలితం వాళ్ళ నుంచి రాలేదు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి.

అడిగిన ప్రశ్నలు బయటపెట్టవచ్చా?

ఏ అంశాల మీద అడిగారో చెప్పండి: కాంకరెన్సీ, డేటాబేస్ ఇండెక్సింగ్, ఒక సిస్టం డిజైన్ సమస్య అని. టెస్ట్ మొదట్లో ప్రశ్నలు పంచుకోనని టిక్ పెట్టి ఉంటారు, ఆ ప్రశ్నల్ని యథాతథంగా పెట్టకండి.

పరువునష్టం కేసు వేస్తారేమో?

భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 356 పరువునష్టం గురించి చెప్తుంది. ప్రజల మేలు కోసం చెప్పిన నిజానికీ, మంచి ఉద్దేశంతో చెప్పిన కొన్ని రకాల అభిప్రాయాలకీ అందులో మినహాయింపులున్నాయి. తేదీలతో, మెయిళ్ళతో చూపించగల విషయం రాసినవారికి ప్రమాదం తక్కువ. "దొంగ కంపెనీ", "లంచాలు తీసుకుని ఉద్యోగాలిస్తారు" లాంటివి ఆధారం లేకుండా రాస్తే చిక్కే. అనామకంగా రాశాం కదా అన్న ధైర్యం కూడా వద్దు. మీ రౌండ్ల తేదీలు చూస్తేనే రిక్రూటర్‌కి మీరెవరో తెలిసిపోతుంది. అందుకే పైన చెప్పిన నమూనాలోలాగా తేదీలు మీ నోట్‌లో ఉండాలి, రివ్యూలో రోజుల లెక్క మాత్రం రాస్తే చాలు.

ఇన్ని రోజుల్లో జవాబివ్వాలని చట్టం ఏమైనా ఉందా?

మన దగ్గర ప్రైవేటు కంపెనీలకి అలాంటి గడువు లేదు. కెనడాలోని ఒంటారియోలో ఉంది. టొరంటో చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను: 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు, బయటికి ప్రకటించిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినవాళ్ళకి, చివరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోపు నిర్ణయం తీసుకున్నారో లేదో చెప్పాలని 2026 జనవరి 1 నుంచి నియమం వచ్చింది. మన నమూనా కేసులో 35 రోజులకి పోర్టల్ మారింది కాబట్టి అక్కడి గడువు దాటలేదు. గడువు లోపల జరిగిందంతా బాగున్నట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రభుత్వ నియామకాలైతే దారి వేరు. మీ జవాబు పత్రం చూసుకునే హక్కు ఆర్టీఐ కింద ఉందని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ఇంటర్వ్యూ బోర్డు సభ్యుల పేర్లు మాత్రం ఇవ్వనక్కర్లేదని 2012లో తేల్చింది.

ఎప్పుడు రాయాలి? ఎలా ఉండాలి?

ఫలితం తెలిసిన వారం తర్వాత. ఫలితమే రాకపోతే, గుర్తుచేస్తూ పెట్టిన రెండో మెయిల్‌కి రెండు వారాలు జవాబు లేకపోతే రాసేయండి, "ఇప్పటిదాకా ఫలితం చెప్పలేదు" అని. పై కేసుకి నేనైతే ఇలా రాస్తాను:

"బ్యాక్‌ఎండ్ ఉద్యోగం, నాలుగేళ్ళ అనుభవం, రెఫరల్. ఆఫర్ రాలేదు. ఒక టెస్ట్, నాలుగు రౌండ్లు. మూడే అని ముందు చెప్పారు, నాలుగోది ఎందుకో చెప్పలేదు. ప్రశ్నలు ఉద్యోగానికి తగ్గట్టే ఉన్నాయి, రెండో రౌండ్ చేసినవారు నా సమాధానాల్లో లోపం ఎక్కడుందో అక్కడికక్కడే వివరించారు. రౌండ్లన్నీ అయిదు వారాల్లో పూర్తయ్యాయి, ఒకటి ముందు రోజు రాత్రి వాయిదా పడింది. బడ్జెట్ అడిగితే చెప్పలేదు. చివరి రౌండ్ తర్వాత జీతం కాగితాలు తీసుకున్నారు, ఫలితానికి ఇంకో అయిదు వారాలు పట్టింది. ఎదురుచూపు మధ్యలో ఒక్కసారి జవాబిచ్చారు. తీసుకోలేదన్న సంగతి పోర్టల్లో చూసి తెలుసుకున్నాను, మెయిల్ రాలేదు, కారణం తెలియదు. వెళ్ళేవాళ్ళు మొదటి ఫోన్లోనే బడ్జెట్, రౌండ్ల సంఖ్య మెయిల్‌లో అడగండి."

రేటింగ్ ఇవ్వమంటే మొత్తానికి "న్యూట్రల్" పెడతాను. ఇంటర్వ్యూ బాగుంది, ముగింపు బాగాలేదు. రెండింటినీ కలిపి ఒకటే తిట్టుగా చేస్తే, బాగా ఇంటర్వ్యూ చేసిన ఆ రెండో రౌండ్ మనిషికి అన్యాయం.

రివ్యూ పెట్టాక హెచ్‌ఆర్ ఫోన్ చేసి తీసేయమన్నారు. ఏం చేయాలి?

ఏ వాక్యం తప్పో మెయిల్‌లో చెప్పమనండి. చూపిస్తే ఆ వాక్యం సరిదిద్దండి. ఆలస్యంగానైనా కారణం చెప్తే, తేదీ వేసి రివ్యూ కింద అదీ చేర్చండి. "మళ్ళీ మా కంపెనీకి అప్లై చేయాలనుకుంటే ఆలోచించుకోండి" అంటే మాత్రం ఫోన్ పెట్టేసి, ఆ తేదీ కూడా నోట్‌లో రాసుకోండి.